బాలింత మనసు – 3వ పాఠం: పద్నాలుగో రోజు అడగాల్సిన మూడు ప్రశ్నలు

కిందటి పాఠంలో పురుడైన 3వ రోజు నుంచి 5వ రోజు లోపల మొదలయ్యే ఏడుపు గురించి చెప్పుకున్నాం. మాయ పడిపోయాక ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా తగ్గిపోతాయి. అందుకే ఆ రోజుల్లో బాలింతకి ఊరికే కళ్లనీళ్లు వస్తాయి, గంట తర్వాత పాపని చూసి నవ్వుతుంది కూడా. దీన్నే బేబీ బ్లూస్ అంటారు. మందు అక్కర్లేదు, దాదాపు రెండు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఎలా పోల్చుకోవాలన్నది ఈ పాఠం.

నేను చూసిన రెండు మూడిళ్ల సంగతులు కలిపి ఒక ఇంటిగా రాస్తున్నాను. ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. తొలి కాన్పు, ఆడపిల్ల. భర్త గుజరాత్‌లో బోటు మీద వేటకి వెళ్లాడు, ఆమె పుట్టింట్లో ఉంది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. 7వ రోజున వెళ్లినప్పుడు ఆ అమ్మాయి ఏడుస్తూనే పాపకి జోల పాడుతోంది. 14వ రోజుకి ఏడుపు తగ్గింది. ఇంట్లోవాళ్లు కుదుటపడిందనుకున్నారు. నిజానికి ఆమె మాటే తగ్గిపోయింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బాలింతని ఆమె తల్లి ముందరే “బాగున్నావా?” అని అడగడం. దానికి “బాగున్నాను” అనే జవాబే వస్తుంది. ముందు బాలింతతో ఒంటరిగా కూర్చోండి. పెద్దవాళ్లని వేణ్ణీళ్లు పెట్టమనో, పొత్తిగుడ్డలు ఆరేయమనో పంపండి. అప్పుడు మొదటి ప్రశ్న: “పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?” పసిబిడ్డ లేపితే ఏ తల్లికైనా నిద్ర చెడుతుంది, అది లెక్కలోకి రాదు. బిడ్డ పడుకున్నా, ఒళ్లు అలిసినా కన్ను మూత పడకపోవడమే గమనించాల్సిన గుర్తు. ఆ అమ్మాయి అంది: “గుంట పడుకున్నా నాకు పట్టదమ్మా. తెల్లార్లూ దూలాలు సూస్తాను.”

రెండోది: “ముందు ఇష్టంగా చేసే పనుల మీద మనసు పోతోందా? ఎన్నాళ్లుగా ఇలా ఉంది?” ఆమె జవాబు: “దాని మొకం సూసినా ఏటీ అనిపించట్లేదు. నాను మంచి తల్లిని కాదు.” బేబీ బ్లూస్‌లో దిగులు వచ్చి పోతుంటుంది. ఈమెకి మాత్రం రోజులో ఎక్కువసేపు, వరసగా ఉంది, దాని వెంట తప్పంతా నాదే అన్న భావం కూడా.

మూడోది అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి: “చచ్చిపోవాలనిగానీ, పాపకి ఏదైనా చెయ్యాలనిగానీ ఆలోచన వస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్న భయం వద్దు, అలా పుట్టదు. అడగకపోతే మాత్రం లోపల ఉన్నది బయటికి రాదు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అవునని ఉంటే ఆమెని ఒక్క క్షణం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆమె తల్లి “గాలి తగిలిందేమో” అంది. ఆశా కార్యకర్త ఆవిడతో వాదించలేదు. “ఆ పనీ చూడండి, ఆసుపత్రికి కూడా రండి” అన్నారు. పీహెచ్‌సీలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.6. నీరసానికి అదొక కారణం కాబట్టి ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఇక్కడే ఆగిపోయేవాళ్లని చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను: రక్తం తక్కువైతే అలసట వస్తుంది, కానీ బిడ్డ మీద మనసు పోకపోవడాన్ని అదొక్కటే చెప్పదు. డాక్టరు ఆమెని జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపారు. అక్కడ బాలింత దిగులుని అంచనా వేసే ఎడిన్‌బరో పట్టిక తెలుగులో చదివి వినిపించారు. గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. ఆమెకి 17 వచ్చాయి. సాధారణంగా 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ, అయినా రోగమని తేల్చేది డాక్టరే, పట్టిక కాదు. పాలిచ్చే తల్లికి వాడదగిన మందులున్నాయి, సెర్ట్రలిన్ వాటిలో ఒకటి. మందు మొదలుపెట్టినా పాలు మాన్పించలేదు. మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు, అందుకే మధ్యలో మానలేదు. రాత్రి ఒక పూట పాలు పిండి ఉంచితే అమ్మమ్మ పట్టేది, అలా ఆమెకి వరసగా నాలుగైదు గంటల పడక దొరికింది.

వేరే ఒక స్థితి ఉంది, దాన్ని దీనితో కలపకండి. నిద్రే అక్కర్లేనట్టు తిరగడం, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నారనడం, బిడ్డ మీద వింత అనుమానాలు తొలి రెండు వారాల్లో హఠాత్తుగా కనిపిస్తే 108కి ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగకండి. అంత అత్యవసరం కానప్పుడు, ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటపడే ఇంట్లో ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

వచ్చే పాఠానికి అభ్యాసం: మూడు ప్రశ్నల్నీ మీ ఇంటి మాటలో రాసుకుని, తోటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పైకి అడగండి. మూడోది తడబడకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెయ్యండి. 4వ పాఠంలో, వీరావల్‌లో ఉన్న ఆ భర్తకి ఫోన్లో ఏం చెప్పారో, ఏం చెప్పకూడదో చూద్దాం.