ఎండాకాలంలో లోపలే గట్టిపడే మోషన్: వెన్నుపూస దెబ్బతిన్నవారి ఇంట్లో జాగ్రత్తలు

మార్చి దాటితే వరంగల్‌లో ఎండలు ముదురుతాయి. ఒంట్లో నీళ్లు తగ్గితే పెద్దపేగు మలంలోని తడినంతా లాగేసుకుంటుంది. నడుము కింద స్పర్శ లేనివారికి మోషన్ ఆగిపోయిన సంగతే తెలియదు. యూరిన్ బ్యాగు మాటిమాటికీ నిండుతోందని నీళ్లు తగ్గించే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు కొలత పెడితే తప్ప, రోజుకు రెండు లీటర్లకు తగ్గకూడదు. అంబలి, పలుచని మజ్జిగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పక్షవాతం వచ్చి, మింగేటప్పుడు పొలమారేవారికి మాత్రం ఏదైనా డాక్టరు చెప్పినంత చిక్కగానే ఇవ్వాలి.

తాటిచెట్టు మీది నుంచి పడి వెన్ను మధ్యలో దెబ్బతగిలిన గీతకార్మికుడు ఒకరున్నారనుకుందాం. రోజు విడిచి రోజు పొద్దున ఆయనకు మోషన్ చేయిస్తారు. ఇంట్లో పెళ్లి హడావిడిలో రెండుసార్లు తప్పిపోయింది. ఐదో రోజు డైపర్‌లో నీళ్లలా కొంచెం కొంచెం కారడం మొదలైంది. విరేచనాలనుకుని ఆగిపోయే మాత్ర వేశారు, రోజూ ఇచ్చే మోషన్ సిరప్ మానేశారు. ఇక్కడే ప్రమాదం. లోపల గట్టి ముద్ద అడ్డుపడితే, పైనున్న పలుచని మలం దాని పక్కనుంచి జారుతుంది. మాత్ర వేస్తే ఆ ముద్ద ఇంకా బిగుస్తుంది.

కొన్ని రోజులు మోషన్ లేక, ఆ తర్వాత నీళ్లలా కారితే ముందు దీన్నే అనుమానించండి. కడుపు ఉబ్బడం, ఆకలి తగ్గడం, కాళ్లు ఎక్కువగా బిగుసుకోవడం కూడా గుర్తులే. ఎడమ పక్కకు పడుకోబెట్టి, గ్లౌజు వేసుకుని, జెల్లీ రాసిన వేలితో చూడండి. ముద్ద తగిలితే కొద్దికొద్దిగా, మెల్లగా తీయాలి. గోకి లాగకూడదు. రక్తం వచ్చినా, ముద్ద కదలకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాంతులై, కడుపు బిగిసి, గ్యాస్ కూడా పోకపోతే మోషన్ మందేదీ వేయకుండా వెంటనే బయల్దేరండి.

మళ్లీ గాడిలో పడటానికి వేళ ముఖ్యం. టిఫిన్ చేసిన అరగంటకు పేగు తనంతట తానే కదులుతుంది, అప్పుడే మొదలుపెట్టండి. డాక్టరు రాసిన సపోజిటరీని, అంటే మలద్వారంలో పెట్టే మందు బిళ్లను, మలంలోకి గుచ్చితే పనిచేయదు, పేగు గోడకు ఆనించాలి. అది కరిగాక వేలిని పదిహేను ఇరవై సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పి, ఐదు పది నిమిషాలు ఆగి, మళ్లీ తిప్పాలి. వెన్ను చివర, నడుము దగ్గర దెబ్బతిన్నవారికి చాలామందిలో ఈ తిప్పడం పనిచేయదు. వాళ్లకు రోజూ వేలితోనే తీయాల్సి వస్తుంది. పెళ్లికి వెళ్లినా వేళ కాస్త మార్చుకోండి, పూర్తిగా మానకండి.

ఛాతీ మధ్యకు పైన లేదా మెడలో దెబ్బ ఉన్నవారి విషయంలో ఇంకో భయం ఉంది. మలం పేరుకున్నా, వేలు పెట్టినా హఠాత్తుగా బీపీ పెరగొచ్చు. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగంలో చెమటలు కనిపిస్తే వెంటనే ఆపేసి, నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించండి. బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు మడతపడిందేమో చూడండి. వీళ్లకు మామూలుగా బీపీ తక్కువే ఉంటుంది కాబట్టి 130 చూపినా ఎక్కువే కావచ్చు. నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వెన్నుపూస దెబ్బ ఉందని, బీపీ పెరిగిందని ముందే చెప్పండి.