దస్తావేజు రాయడం నేర్చుకుందాం – 6: ఒకే కాగితం, మూడు తేదీలు

పోయిన పాఠంలో భీమవరం గోడౌను లీజు మొదటి పేజీ ఇచ్చి, రిజిస్ట్రేషనుకు తీసుకెళ్లడానికి ఆఖరి రోజు ఏదో తేల్చమన్నాను. ఎక్కువమంది ఆగస్టు 1 అన్నారు, కొందరు ఆగస్టు 20 అన్నారు. రెండూ తప్పే. లెక్కలో పొరపాటు లేదు, లెక్క మొదలుపెట్టిన తేదీలోనే ఉంది. అందుకని ఈసారి చెబుతానన్న హద్దుల వివరాలు పక్కన పెట్టి, ఆ కాగితాన్నే మళ్లీ తెరుస్తున్నాను.

గోడౌను ఇద్దరు అన్నదమ్ములది. రొయ్యల మేత వ్యాపారి మూడేళ్లకు లీజుకు తీసుకున్నాడు, అద్దె నెలకు 40,000. తాళాలు 2024 ఏప్రిల్ 1న చేతికొచ్చాయి, సరుకు దిగింది. లేఖరి ఏప్రిల్ 20న ముసాయిదా టైపు చేసి, పైన ఆ తేదీ వేశాడు. స్టాంపు కాగితం మే 3న కొన్నారు. ముసాయిదాను దానిమీదికి ఎక్కించినప్పుడు తేదీ మాత్రం పాతదే ఉండిపోయింది. మే 6న అన్న, వ్యాపారి సంతకాలు చేశారు. తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి జూన్ 18న చేశాడు. లోపల ఒక షరతులో ‘ఈ లీజు 01-04-2024 నుండి అమలులోకి వచ్చును’ అని ఉంది.

ఈ కాగితంలో మూడు రకాల తేదీలు విడదీసి చూడాలి. మొదటిది ఏప్రిల్ 20, అది ‘డేటెడ్’. కాగితాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే తేదీ అది. రేపు నోటీసులోనో దావాలోనో ‘20-04-2024 నాటి లీజు దస్తావేజు’ అని రాస్తారు. ఆ రోజే సంతకాలు అయ్యాయని చూసినవాళ్లు మొదట అనుకుంటారు. కాదని సాక్ష్యంతో చూపిస్తే ఆ అభిప్రాయం నిలవదు. పైన తేదీయే లేనంత మాత్రాన కూడా దస్తావేజు చెల్లకుండా పోదు. సంతకం ఎప్పుడైందో వేరే విధంగా రుజువు చేసుకోవచ్చు.

‘ఎగ్జిక్యూటెడ్ ఆన్’ అంటే సంతకం పడిన రోజు. స్టాంపు చట్టం 2వ సెక్షను ‘ఎగ్జిక్యూటెడ్’ అంటే ‘సంతకం చేసిన’ అనే చెబుతుంది. చట్టం గడువులు దీన్నే పట్టుకుని నడుస్తాయి. స్టాంపు సంతకానికి ముందో, సంతకం వేళకో ఉండాలి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి, దానికి 1908 రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షను ఇచ్చిన నాలుగు నెలల గడువు సంతకం తేదీ నుంచి లెక్క. మన కాగితం మీద సంతకాలు వేర్వేరు రోజుల్లో పడ్డాయి కాబట్టి, 24వ సెక్షను ప్రకారం ఎవరి సంతకానికి వారి నాలుగు నెలలు. అన్న సంతకానికి సెప్టెంబరు 6, తమ్ముడి సంతకానికి అక్టోబరు 18. ఇద్దరిదీ కలిపి ఒకేసారి ముగించాలంటే సెప్టెంబరు 6 దాటకూడదు. నా పద్ధతి ఒకటే: మొదటి సంతకం తేదీని కేలండరులో గుండ్రం చుట్టేస్తాను, మిగతావి చూడను. గడువు దాటితే 25వ సెక్షను కింద ఇంకో నాలుగు నెలలు దొరుకుతాయి. అయితే తప్పనిసరి కారణం చూపించాలి, జిల్లా రిజిస్ట్రారు ఒప్పుకోవాలి, రిజిస్ట్రేషను ఫీజుకు పది రెట్ల వరకు జరిమానా పడవచ్చు.

‘విత్ ఎఫెక్ట్ ఫ్రం’, మనవాళ్లు డబ్ల్యూ.ఇ.ఎఫ్. అనేది, ఏప్రిల్ 1. హక్కులూ బాధ్యతలూ ఏ రోజు నుంచి లెక్క కట్టుకోవాలని ఆ ముగ్గురూ ఒప్పుకున్నారో అది. ఏప్రిల్ నెల 40,000 అద్దె ఈ మాట వల్లే బాకీ అవుతుంది. ఈ తేదీ రాయకుండా వదిలేస్తే, ఆస్తి బదలాయింపు చట్టం 110వ సెక్షను ప్రకారం లీజు కాలం లీజు చేసుకున్న రోజు నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే సంగతికి వస్తాను. జవాబులు పంపినవారిలో చాలామంది ఈ కాగితాన్ని ‘సరిదిద్దారు’. లీజు ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి పైన తేదీ, సంతకాల కింద తేదీ కూడా ఏప్రిల్ 1 చేసేశారు. మూడూ ఒకటైతే కాగితం శుభ్రంగా ఉంటుందని వారి ఉద్దేశం. దయచేసి ఇది ఎప్పుడూ చేయకండి. మే 6న సంతకం చేసి ‘ఏప్రిల్ 1 నుంచి అమలు’ అనడం ఒప్పందం. మే 6న సంతకం చేసి ‘ఏప్రిల్ 1న సంతకం చేశాం’ అనడం అబద్ధం.

ఆ అబద్ధం దొరకడానికి ఎంతోసేపు పట్టదు. స్టాంపు కాగితం తిప్పి చూడండి. వెండరు వేసిన వరస నంబరు, కొన్నవారి పేరు, అమ్మిన తేదీ ఉంటాయి. మే 3న అమ్మిన కాగితం మీద ఏప్రిల్ 1న సంతకం ఎలా పడుతుంది? మన కాగితం మీదున్న ఏప్రిల్ 20 కూడా ఇదే ప్రశ్న తెస్తుంది, అక్కడ దురుద్దేశం లేకపోయినా.

తణుకులో నలుగురు కలిసి రైసుమిల్లు భాగస్వామ్యం మే నెలలో రాసుకున్నారనుకోండి. లెక్కల సంవత్సరం కోసం ‘ఏప్రిల్ 1 నుంచి లాభనష్టాలు పంచుకుంటాం’ అనుకోవచ్చు, తమలో తాము దానికి కట్టుబడతారు. అందుకోసం సంతకం తేదీని ఏప్రిల్‌కు జరపాల్సిన పని లేదు.

ఇంకో వైపు చూడండి. గోడౌను అన్నదమ్ములు ఏప్రిల్ 25న దాన్ని బ్యాంకుకు తనఖా పెట్టారనుకుందాం. మే 6న రాసిన ‘ఏప్రిల్ 1 నుంచి అమలు’ అన్న వాక్యం ఒక్కదాని బలంతో లీజు ఆ తనఖాకంటే ముందు పుట్టినట్టు కాదు. ఆ మాటకు సంతకం పెట్టినవారే కట్టుబడతారు, బ్యాంకు పెట్టలేదు. తనఖాను వెనక్కి నెట్టాలని సంతకం తేదీనే మారిస్తే వ్యవహారం క్రిమినలు వైపు వెళ్తుంది. పాత ఐపీసీ 464వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో సరిగ్గా ఇలాంటిదే ఉంది: ఒకడు భూమిని ఒకరికి అమ్మి, తర్వాత ఆయన్ను మోసగించాలని, ఆ అమ్మకానికి ఆరు నెలల ముందటి తేదీతో మరొకరికి దస్తావేజు రాస్తాడు. సంతకం అతనిదే, అయినా అది ఫోర్జరీయే.

రిజిస్ట్రేషను తేదీ గురించి ఒక్క మాట. దస్తావేజు సెప్టెంబరు 2న రిజిస్టరైనా, రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను అక్కరలేకపోతే ఎప్పటి నుంచి పనిచేసేదో అప్పటి నుంచే పనిచేస్తుంది.

లీజు గడువు ముగిసే రోజు విషయంలో కూడా జాగ్రత్త. ‘01-04-2024 నుండి మూడేళ్లు’ అని వదిలేస్తే, అదే 110వ సెక్షను మొదటి రోజును లెక్కలోంచి తీసేస్తుంది. లీజు 2027 ఏప్రిల్ 1 రాత్రి వరకు సాగుతుంది. కొత్త అద్దెదారు ఆ ఉదయమే లారీతో వస్తే గొడవే. నేనైతే ‘01-04-2024 మొదలుకొని 31-03-2027 వరకు, ఈ రెండు రోజులూ కలుపుకొని’ అని రాస్తాను.

పై తేదీని టైపు చేయించను. ఖాళీ వదిలి, మొదటి సంతకం రోజున పెన్నుతో నింపిస్తాను. ఒక్కొక్కరి సంతకం పక్కన వారి చేతితోనే తేదీ వేయిస్తాను.

అభ్యాసం: అమలాపురంలో తల్లీకూతుళ్ల ఉమ్మడి షాపు, రెండేళ్ల లీజు. స్టాంపు కాగితం 2025 జనవరి 28న కొన్నారు. తల్లి ఫిబ్రవరి 3న, విశాఖ నుంచి వచ్చిన కూతురు మే 20న సంతకం చేశారు. షరతులో ‘01-01-2025 నుండి రెండేళ్లు’ అని ఉంది. పైన తేదీ జనవరి 10. జూన్ 10న రిజిస్ట్రేషనుకు తీసుకెళితే ఎవరి సంతకం విషయంలో ఆలస్యమైంది? లీజు ఆఖరి రోజు ఏది? కాగితంలో పొసగని తేదీ ఏది, ఎలా తెలిసింది? మూడు తేదీలూ నిజం చెప్పేలా మొదటి వాక్యాన్ని, అమలు షరతును, సంతకాల చోటును పూర్తిగా తిరగరాసి పంపండి. జవాబులు చూశాకే హద్దుల పాఠం మొదలుపెడతాను.