ముక్కకుండా విరేచనం: కమోడ్ మీద ఎలా కూర్చోవాలి, ఎలా తోయాలి?

కావలిలో ఉండే మా పిన్నికి మోకాళ్ల నొప్పులు వచ్చాక ఇంట్లో కమోడ్ పెట్టించారు. మోకాళ్లకు సుఖమే గానీ, అప్పటి నుంచి లోపలికి వెళ్తే అరగంటకు గానీ బయటికి వచ్చేది కాదు. ఎలా చేస్తున్నావని అడిగాను. నేను ఫిజియోథెరపిస్టును కాబట్టి సిగ్గుపడకుండా చెప్పింది: ఊపిరి బిగబట్టి, పళ్లు కరుచుకుని, మెడ నరాలు ఉబ్బేలా ముక్కుతోంది. "ముక్కితేనే కదమ్మా వచ్చేది" అంది.

చాలామందికి అలా ముక్కినప్పుడే దారి మూసుకుంటుంది. మలాశయం చుట్టూ ఒక కండరం ఉచ్చులా పట్టుకుని, పైపును మడిచినట్టు దాన్ని వంచి ఉంచుతుంది. గొంతుక్కూర్చుంటే ఆ మడత చాలావరకు సాగుతుంది. కమోడ్ మీద నిటారుగా కూర్చుని ఊపిరి బిగబడితే ఆ కండరం కూడా బిగుసుకోవచ్చు. పైనుంచి తోస్తూ కిందనుంచి మూస్తున్నట్టే. మొలలు ఉన్నవారికి ఈ ఒత్తిడి ఇంకా చేటు.

ముందు కుర్చీలో సాధన చేయండి. రెండు అరచేతులూ నడుముకు ఇరువైపులా పెట్టి మెల్లగా ఒకసారి దగ్గండి. పక్కలు చేతుల్లోకి పొంగుతాయి. ఇప్పుడు దగ్గకుండానే అలా నడుమును వెడల్పు చేసి, పొట్ట గట్టిగా ఉంచి, మామూలుగా ఊపిరి తీస్తూ వదలండి. పిన్నికి ఇది రావడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట్లో పొట్టను లోపలికి లాక్కునేది.

ఇక కమోడ్ దగ్గర. పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి, మోకాళ్లు తుంటి కంటే పైకి రావాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించండి. దవడ వదులు చేసి, నోరు కొద్దిగా తెరవండి. నడుమును వెడల్పు చేసి, ఆ బిగువు సడలకుండా, వేడి టీ చల్లార్చేటట్టు సన్నగా ఊపిరి వదులుతూ పొట్టతో కిందికి, వెనక్కి తోయండి. అయిదు సెకన్లు చాలు. తర్వాత రెండు మూడు శ్వాసలు ఊరకే తీసుకుని మళ్లీ చేయండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో మలద్వారమే చెబుతుంది. అది కిందికి దిగి తెరుచుకున్నట్టు ఉండాలి. పైకి లాక్కున్నట్టు అనిపించినా, ముఖం ఎర్రబడినా ఆపి, ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగైదు సార్లకు రాకపోతే లేచి వచ్చేయండి, పది నిమిషాలు దాటి కూర్చోవద్దు. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలో పేగు కదలిక ఎక్కువగా ఉంటుంది. పిన్ని ఇప్పుడు ఇడ్లీ తిన్నాకే వెళ్తోంది, అయిదారు నిమిషాల్లో వచ్చేస్తోంది.

మలం మేక పెంటికల్లా గట్టిగా ఉంటే ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. ముందు నీళ్లు, కూరలు, పండ్లు పెంచి దాన్ని మెత్తబరచాలి. మలం మెత్తబడ్డాక కూడా నెలల తరబడి అడ్డుపడినట్టే ఉన్నా, రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, యాభై దాటాక అలవాటు ఉన్నట్టుండి మారినా డాక్టరుకు చూపించుకోండి.