కండకి తిండి – 4వ పాఠం: ఫాస్టింగ్ గంటలు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి

కిందటి పాఠంలో వారం రోజుల తిండి డైరీ రాయమన్నాను. ఈ పాఠానికి అదే కావాలి. రాయనివాళ్లు కనీసం నిన్న తిన్నది టైముతో సహా ఒక కాగితం మీద పెట్టుకుని చదవండి.

విజయనగరంలో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది 16:8 చేస్తున్నారు. అంటే పదహారు గంటలు ఏమీ తినకుండా, మిగతా ఎనిమిది గంటల్లోనే తినడం. ఆ ఎనిమిది గంటల్నే విండో అంటున్నారు. పొట్ట తగ్గించుకోవాలనుకునే వాళ్లలో కొందరికి ఇది బాగానే కుదురుతుంది. కండ పెంచాలనుకునే సన్నటి కుర్రాడు కూడా అదే పట్టుకున్నప్పుడే నాకు బాధేస్తుంది. అలాంటి ఒక కుర్రాడి డైరీతోనే ఈ పాఠం చెప్తాను.

అతనికి ఇరవై మూడేళ్లు, బరువు 62 కిలోలు. బట్టల షాపులో పని. ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా జిమ్, పది గంటలకి షాపు, రాత్రి ఇల్లు చేరేసరికి తొమ్మిది. విండో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు. అయిదు వారాల తర్వాత వచ్చి, "మాస్టారూ, బరువు 60.4కి దిగింది. స్క్వాట్ 70 కిలోలతో ఎనిమిది కొట్టేవాణ్ని, ఇప్పుడు అయిదుకే కాళ్లు వణుకుతున్నాయి" అన్నాడు. డైరీ అడిగాను. పన్నెండున్నరకి పల్లీ చిక్కీ. రెండింటికి బాక్సు: అన్నం, పల్చటి పప్పు, వేపుడు, కొంచెం పెరుగు. మధ్యలో రెండు టీలు, బిస్కెట్లు. ఎనిమిది కొట్టేలోపు కౌంటర్ వెనక్కి వెళ్లి మూడు అరటిపళ్లు, రెండు ఉడికించిన గుడ్లు గబగబా మింగడం. ఇంటికెళ్లాక అమ్మ వడ్డిస్తే టైము దాటిపోయిందని కంచం పక్కకి నెట్టేయడం. ఆ ఆఖరి వాక్యం అతని డైరీలోదే.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. కండ పెరగాలంటే కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ అని రెండో పాఠంలో చెప్పుకున్నాం. అతనికి అది దాదాపు 100 గ్రాములు. డైరీలో ఉన్నది గుడ్లలో 12, అన్నం పప్పు పెరుగు కలిపి 20, చిక్కీ, టీ పాలు, పళ్లు అన్నీ కలిపితే ఇంకో పది పన్నెండు. మొత్తం 45 లోపే. కేలరీలు 1,800 దాకా వచ్చాయి. అతని బరువు ఉన్నచోట నిలబడడానికే 2,250 కావాలి, పెరగాలంటే 2,500. వారానికి ఆరు రోజులు రోజూ 450 తక్కువ తింటే అయిదు వారాల్లో కిలోన్నర పైన పోవడంలో వింతేమీ లేదు. తప్పు జిమ్‌లో లేదు, కంచంలో ఉంది.

ఇక్కడ ఒకటి గమనించండి. రాత్రి ఎనిమిదికి గుడ్లు తిన్నాక, మళ్లీ సరైన ప్రోటీన్ లోపలికి వెళ్లింది మర్నాడు మధ్యాహ్నం రెండింటికి. పద్దెనిమిది గంటలు. మధ్యలో బరువులెత్తాడు. వ్యాయామం చేశాక కండ కట్టుకోవడం, విరిగిపోవడం రెండూ పెరుగుతాయి. ఖాళీ కడుపుతో ఉన్నంతసేపూ విరిగిపోవడానిదే పైచేయి. ప్రోటీన్ అందాకే లెక్క కట్టుకోవడం వైపు తిరుగుతుంది. వ్యాయామం చేసిన ప్రభావం ఒక రోజు పైనే ఉంటుంది కాబట్టి గంట ఆలస్యమైతే కొంప మునగదు. కానీ రోజూ ఉదయాన్నే ఎత్తి, రోజూ ఏడెనిమిది గంటలు ఆగితే, అదీ మొత్తం తిండి తక్కువై ఉంటే, కండ ఎలా పెరుగుతుంది?

మరి 16:8 చేసి కండ పోగొట్టుకోనివాళ్లు లేరా అంటే, ఉన్నారు. 2016లో ఇటలీ పరిశోధకులు ఇదివరకే బరువులెత్తడం అలవాటున్న 34 మంది మగవాళ్ల మీద ఎనిమిది వారాలు పరీక్ష చేశారు. ఫాస్టింగ్ చేసినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకి, నాలుగింటికి, రాత్రి ఎనిమిదికి తిన్నారు. ప్రోటీన్ పుష్కలంగా అందింది. వాళ్లకి కొవ్వు తగ్గింది, కండ నిలబడింది, బలం కూడా తగ్గలేదు. నిలబడింది అన్నాను, పెరిగింది అనలేదు. మరుసటి ఏడాది అమెరికాలో యువకుల మీద ఇంకో పరీక్ష వచ్చింది. వ్యాయామం లేని రోజుల్లో నాలుగు గంటల్లోనే ఎంతైనా తినమన్నారు. ఎంతైనా తినమన్నా, ఆ రోజుల్లో వాళ్లు సుమారు 650 కేలరీలు తక్కువే తిన్నారు. బలం పెరిగింది గానీ కండ పెద్దగా పెరగలేదు. మన కుర్రాడూ అలాగే తెలియకుండా తక్కువ తిన్నాడు. గంటలు కుదిస్తే పొట్టలో పట్టేదీ తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ పని. ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి ఇరవై నాలుగు గంటలు గుర్తు పెట్టండి. ముందు మీ చేతిలో లేనివి రాయండి: ఉద్యోగం, నిద్ర, ఇంట్లో అందరూ భోంచేసే వేళ. తర్వాత జిమ్ టైము. జిమ్‌కి ముందో తర్వాతో రెండు గంటల లోపు ఒక మంచి భోజనం, రోజు మొత్తంలో కనీసం మూడుసార్లు 25 గ్రాముల ప్రోటీన్ పెట్టండి. అవి పెట్టాక ఆ గీత మీద మిగిలిన ఖాళీయే మీ ఫాస్టింగ్. అది పద్నాలుగు గంటలొస్తే పద్నాలుగు, పదొస్తే పది. ముందు విండో గీసి, అందులోకి తిండిని కుక్కకండి.

అతని గీత మీద ఇలా వచ్చింది. ఏడున్నరకి మూడు గుడ్లు, నాలుగు ఇడ్లీలు, గ్లాసు పాలు: 32 గ్రాములు. రెండింటికి అదే బాక్సు, కానీ పప్పు గట్టిగా, పెరుగు రెట్టింపు: 27. అయిదున్నరకి ఉడికించిన శనగలు, పచ్చివి 50 గ్రాములు కొలిచి నానబెట్టినవి: 10. రాత్రి తొమ్మిదికి అమ్మ చేతి అన్నం, 150 గ్రాముల చికెనో చేపో: 36. నీసు తినని రోజు మీల్‌మేకర్ 50 గ్రాములు వేస్తే కొంచెం తక్కువగా సరిపోతుంది. మొత్తం 105 గ్రాములు, 2,500కి అటూ ఇటూగా కేలరీలు. ఫాస్టింగ్‌కి పది గంటలే మిగిలాయి. అంటే అతనికి 16:8 కుదరదు, తీసేయమన్నాను. అదే, రోజూ సాయంత్రం అయిదింటికి జిమ్‌కి వెళ్లగలిగే ఉద్యోగి, కాస్త పొట్ట ఉన్నవాడు, 12 నుంచి 8 పెట్టుకుంటే నేను వద్దనను. అతని వ్యాయామానికి రెండు పక్కలా తిండి ఉంటుంది.

మొదటి వారంలోనే అరకిలో పెరిగాడు. అది కండ కాదు. పిండి పదార్థం, దాన్ని పట్టుకున్న నీరు. మూడో వారానికి స్క్వాట్ మళ్లీ ఎనిమిదికి వచ్చింది. నేను నమ్మేది ఆ లెక్కనే.

కార్తీక సోమవారాల గురించి చాలామంది అడిగారు. నక్షత్రం చూసేదాకా ఉండి తినేవాళ్లు సోమవారాన్ని రెస్ట్ డేగా పెట్టుకోండి, రాత్రి భోజనంలో పప్పు, పెరుగు పెంచండి. వారంలో ఒక్క రోజుతో కండ ఎక్కడికీ పోదు. షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిది లోపు పిల్లలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా గంటలు కుదించొద్దు.

రెండు వారాలు, ప్రతి వారం ఒకే రోజున, లేచి టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. పక్కనే స్క్వాట్ సంఖ్య. బరువు వారానికి 150 నుంచి 250 గ్రాముల దాకా పెరగాలి. రెండూ పడిపోతుంటే ముందు విండోని రెండు గంటలు పెంచి, ఆ రెండు గంటల్లో ఒక భోజనం కలపండి. 5వ పాఠానికి ఆ కాగితాన్నే తీసుకురండి, రాత్రి భోజనాన్ని దాని మీదే సరిచేద్దాం.