ఒకే డ్రాయింగ్, ఒకే షీట్, మూడు స్కేళ్లు: ప్లాట్ చేసే ముందు జాగ్రత్తలు

ఆటోక్యాడ్‌లో గీసిన షీట్లు రేపు ఇవ్వాలనగా ఈ రాత్రి టెన్షన్ మొదలవుతుంది. ప్లాన్‌లో చక్కగా ఉన్న అక్షరాలు మెట్ల డీటెయిల్‌లో కొండంత కనిపిస్తాయి, లేదంటే అసలు కనిపించవు. అప్పుడు చాలామంది చేసే పని, మెట్ల బొమ్మను కాపీ చేసి పక్కన పెట్టి 5 రెట్లు పెంచడం. దయచేసి ఆ పని చేయకండి. ఆ తర్వాత అసలు ప్లాన్‌లో ఒక మెట్టు మారితే కాపీలో మారదు. సైట్‌లో మేస్త్రి చేతికి మాత్రం రెండూ వెళతాయి.

ఆటోక్యాడ్‌లో చేసే ఒక మామూలు ఇంటి పని తీసుకుందాం. 30x40 అడుగుల కొలత, అంటే 9144 x 12192 మిల్లీమీటర్లు. ఏ2 షీటు మీద ప్లాన్ 1:100లో, సెక్షన్ 1:50లో, మెట్లు 1:20లో రావాలి. మెట్ల గది 2400 x 4500 అనుకుంటే కాగితం మీద ప్లాన్ సుమారు 91 x 122, మెట్లు 120 x 225 మిల్లీమీటర్లు. సెక్షన్ పొడవు 244 వరకు వస్తుంది. 594 x 420 షీటులో మూడూ పడతాయి. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకుంటే, చివర్లో స్థలం చాలక స్కేలు మార్చాల్సిన అవస్థ రాదు.

మొదట చూడాల్సింది యూనిట్లు. `DIST` కమాండ్‌తో ఒక తలుపు వెడల్పు కొలవండి. 900 వస్తే డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంది. 0.9 వస్తే మీటర్లలో ఉంది. అలాంటి ఫైల్‌లో 1:100 అని పెడితే ఇల్లంతా ఒక చుక్కలా కనిపిస్తుంది. `UNITS`లో పేరు మార్చినంత మాత్రాన గీతల సైజు మారదు కాబట్టి డ్రాయింగ్‌ను `SCALE`తో 1000 రెట్లు పెంచాలి. ఇది అక్షరాలు రాయక ముందే జరగాలి.

ఇక షీటును పేర్చుకునే లేఅవుట్. పేజ్ సెటప్‌లో కాగితం ఏ2, ప్లాట్ చేసేది `Layout`, స్కేలు 1:1. `Fit to paper` టిక్ ఉంటే తీసేయండి. స్కేలు ఉండాల్సింది షీటు మీద బొమ్మను చూపించే కిటికీలో, అంటే వ్యూపోర్ట్‌లోనే, పేజీలో కాదు. రెండు చోట్లా పెట్టుకుంటే ఏది దేన్ని పాడుచేసిందో పట్టుకోవడం కష్టం. వ్యూపోర్ట్‌ల చట్రాలకు ఒక ప్రత్యేక లేయర్ చేసి, దానికి ప్లాటింగ్ ఆపేయండి.

`MVIEW`తో మూడు వ్యూపోర్ట్‌లు గీశాక, ఒక్కోదాన్ని ఎంచుకుని స్కేలును కింది స్టేటస్ బార్ జాబితా నుంచే ఇవ్వండి. `ZOOM` చేసి `1/20XP` కొట్టే పాత అలవాటు చాలామందికి ఉంది. దానితో బొమ్మ సైజు సరిగ్గానే వస్తుంది, కానీ అక్షరాల, కొలతల సైజును నిర్ణయించే యానోటేషన్ స్కేలు పాతదే ఉండిపోవచ్చు. జాబితా నుంచి ఇస్తే రెండూ కలిసి మారతాయి. వెంటనే ప్రాపర్టీస్‌లో `Display locked`ను `Yes` చేయండి. లాక్ లేని వ్యూపోర్ట్‌లో ఎవరైనా మౌస్ చక్రం ఒక్కసారి తిప్పితే 1:20 కాస్తా ఏదో వింత సంఖ్య అయిపోతుంది. కంటికి ఆ తేడా తెలియదు.

అసలు ఇబ్బంది అక్షరాల దగ్గర వస్తుంది. కాగితం మీద అక్షరం ఎత్తు 2.5 మిల్లీమీటర్లు కావాలనుకోండి. పాత పద్ధతిలో 1:100 కోసం, అసలు బొమ్మ గీసే మోడల్‌లో 250 ఎత్తుతో రాస్తాం. అదే అక్షరం 1:20 వ్యూపోర్ట్‌లో 12.5 మిల్లీమీటర్లు అయి మెట్లను కప్పేస్తుంది. టెక్స్ట్ స్టైల్‌నూ డైమెన్షన్ స్టైల్‌నూ యానోటేటివ్ చేస్తే ఎత్తు 2.5 అని ఒక్కసారి చెబితే చాలు. 1:100లో 250గా, 1:50లో 125గా, 1:20లో 50గా అదే సర్దుకుంటుంది.

అయితే ఒక షరతు ఉంది. ఒక అక్షరానికి ఏ స్కేళ్లు ఇచ్చామో ఆ స్కేళ్ల వ్యూపోర్ట్‌లలోనే అది కనిపిస్తుంది. ఇది తెలియక "అక్షరాలు మాయమయ్యాయి" అని మళ్లీ రాసేవాళ్లను నేను చాలాసార్లు చూశాను. అప్పుడు ఒకదాని మీద ఒకటి రెండు అక్షరాలు పడతాయి. రాసే ముందే మోడల్‌లో యానోటేషన్ స్కేలు సరిచూసుకోండి, ఎందుకంటే కొత్త అక్షరానికి అప్పుడున్న స్కేలే అంటుకుంటుంది.

పైన తీసుకున్న ఇంటి ఉదాహరణలో మెట్ల వెడల్పు, ఎత్తు కొలతలకు 1:20 ఒక్కటే ఇవ్వాలి. వాటికి 1:100 కూడా ఉంటే చిన్న ప్లాన్‌లో కొలతలన్నీ కుప్పగా పడి ఒక్కటీ చదవలేం. గది పేర్లకు 1:100 చాలు. పైకి వెళ్లే బాణం పక్కన ఉండే `UP` మాత్రం రెండు చోట్లా కావాలి. దాన్ని ఎంచుకుని `OBJECTSCALE`లో 1:20 చేర్చండి. 1:20లో దాని చోటు మార్చాలంటే ఆ స్కేలులో ఉండగా గ్రిప్ పట్టుకుని జరపండి. `MOVE` కమాండ్ వాడితే అన్ని స్కేళ్లలోనూ జరిగిపోతుంది. ఎక్కడో పొరపాటున చెదిరితే `ANNORESET` అన్నిటినీ ప్రస్తుత స్కేలు ఉన్న చోటికే తెస్తుంది.

స్కేలు మార్చగానే అన్నిటికీ ఆ స్కేలును తనంతట తాను చేర్చే `ANNOAUTOSCALE` సెట్టింగ్‌ను నేను ఎప్పుడూ ఆపేసే ఉంచుతాను. అది ఆన్‌లో ఉంటే, జాబితాలో ఊరికే స్కేళ్లు మార్చి చూసినా ప్రతి అక్షరానికీ అవి అంటుకుంటాయి. తర్వాత ఒక్కొక్కటీ తీయడానికి గంటలు పడుతుంది. ఇంకోటి `ANNOALLVISIBLE`. మోడల్‌లో 1 ఉంచితే ఏదీ దాగదు, దిద్దుబాటుకు అది మంచిది. లేఅవుట్‌లో మాత్రం 0 ఉండాలి. లేకపోతే ఆ స్కేలుకు చెందని అక్షరాలు కూడా ప్రింట్‌లోకి వస్తాయి. ఈ సెట్టింగ్ ప్రతి లేఅవుట్‌కూ వేరుగా సేవ్ అవుతుంది కాబట్టి ఒక్కోదాన్నీ తెరిచి చూడాలి.

చుక్కల గీతలకు ఈ నాలుగూ సరిపోతాయి:

```
MSLTSCALE 1
PSLTSCALE 1
LTSCALE 1
REGENALL
```

మెట్రిక్ లైన్‌టైపులు వాడితే మూడు వ్యూపోర్ట్‌లలోనూ కాగితం మీద చుక్కల పొడవు ఒకేలా వస్తుంది. `REGENALL` మరిచిపోతే పాత చుక్కలే కనిపించి, సెట్టింగ్ పనిచేయలేదని పొరబడతాం.

ఇదంతా సరిగ్గా చేసినా ప్రింట్ షాపులో పాడవచ్చు. ఒకసారి నా పీడీఎఫ్‌ను అక్కడ `Fit` పెట్టి తీశారు. షీటు 97 శాతానికి తగ్గింది. 1:20లో 60 మిల్లీమీటర్లు ఉండాల్సిన 1200 ల్యాండింగ్ 58.2 వచ్చింది. స్కేలు పెట్టి చూసిన మేస్త్రికి అది 1164. పక్కనే రాసిన కొలత ఉంది కాబట్టి ఆయన ఆగి ఫోన్ చేశారు. లేకపోతే షట్టరింగ్ ఆ కొలతకే కొట్టేసేవారు.

అప్పటి నుంచి ప్రతి టైటిల్ బ్లాక్ పక్కన పేపర్ స్పేస్‌లో సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీసి, "ఈ గీత 100 మి.మీ. లేకపోతే స్కేలు పెట్టి కొలవకండి" అని రాస్తున్నాను. ప్రింట్ తీసేవాళ్లకు `Actual size` అని చెప్పి, మొదటి కాగితం రాగానే ఆ గీత మీద స్కేలు పెట్టి చూస్తాను. ఏ2 షీటును ఏ3లో తీయించే అవసరం వస్తే అది సుమారు 71 శాతం అవుతుంది, 1:100 కాస్తా 1:141 అవుతుంది. అలాంటి కాపీల మీద స్కేళ్లు కొట్టేసి, "స్కేలులో లేదు" అని రాసే పంపుతాను. గీత సరిపోయాక మూడు వ్యూపోర్ట్‌లలోనూ ఒక్కో మీటరు కొలుస్తాను. ప్లాన్‌లో 10, సెక్షన్‌లో 20, మెట్లలో 50 మిల్లీమీటర్లు వస్తేనే మిగతా కాపీలు తీయమంటాను.