పొద్దున టికెట్ తెరిస్తే జవాబు బదులు ఇంకో ప్రశ్న కనిపిస్తోందా?

హైదరాబాద్‌లో టెస్టింగ్, డాలస్‌లో డెవలప్‌మెంట్ అనుకుందాం. వేసవిలో మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా. వాళ్ళకి ఉదయం 8 అయ్యేసరికి మనకి సాయంత్రం 6:30, అంటే క్యాబ్ కోసం చూసే టైమ్. రెండు టీమ్‌లూ మెలకువగా, ఆఫీసులో ఉండేది మహా అయితే గంట. ఆ గంట దాటిందంటే ఒక్క చిన్న ప్రశ్నకైనా ఒక రాత్రి ఖర్చు. అక్కడున్న డెవలపర్ మన గుంటూరు అబ్బాయే అయినా సరే, రాత్రి రాత్రే కదా.

సమస్య 1: బ్లాకర్ పెట్టి ఇంటికెళ్ళాను, పొద్దున వచ్చేసరికి "ఏ బిల్డ్? ఏ యూజర్?" అని అడిగారు

మా టీమ్‌లో జరిగిందే చెప్తాను. రిఫండ్ టెస్టులు చేస్తున్నాం, లాగిన్‌కి ఓటీపీ కావాలి. మంగళవారం 11:40కి ఓటీపీ రావడం ఆగిపోయింది. టెస్టర్ టికెట్‌లో రాసింది ఒక్క లైను: "ఓటీపీ రావట్లేదు, బ్లాక్ అయ్యాం, దయచేసి చూడండి." అప్పుడు డాలస్‌లో రాత్రి 1:10. డెవలపర్ చూసేసరికి మనకి సాయంత్రం 7:45, ఇక్కడ అందరూ వెళ్ళిపోయారు. ఏ నంబరు, ఏ బిల్డ్ అని అడిగి వదిలేశాడు. బుధవారం పొద్దున మనవాళ్ళు జవాబిచ్చారు. ఆ రాత్రి అతను తన లాప్‌టాప్‌లో ప్రయత్నించి "నా దగ్గర పనిచేస్తోంది" అన్నాడు. గురువారం సాయంత్రం కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే పది నిమిషాల్లో దొరికింది. టెస్ట్ సర్వర్‌లో అసలు ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్ళదు. ఓటీపీ ఇవ్వడానికి అనుమతి ఉన్న టెస్ట్ నంబర్ల జాబితా ఒకటి ఉంటుంది, 412 బిల్డ్‌తో ఆ జాబితా ఖాళీ అయిపోయింది. అతని లాప్‌టాప్‌లో సొంత జాబితా ఉంది కాబట్టి అతనికి పనిచేసింది. పది నిమిషాల పనికి మూడు రోజులు పోయాయి, అదీ ఎవరి తప్పూ పెద్దగా లేకుండానే.

కారణం ఏంటంటే, ఆ లైను మన పరిస్థితి చెప్తోంది తప్ప అవతలివాడు పని మొదలుపెట్టడానికి కావలసింది ఇవ్వట్లేదు. పక్క సీట్లో ఉన్నవాడికైతే అది చాలు, వాడు కుర్చీ తిప్పి మిగతాది అడుగుతాడు.

పరిష్కారం: నోట్ రాసేముందు "ఇది చదివి అతను నన్ను మొదట ఏం అడుగుతాడు?" అని ఆలోచించి ఆ జవాబు కూడా రాసేయాలి. అంతకంటే ముఖ్యం, అతను చూసాక ఏది తేలితే ఏం చేయాలో కూడా మనమే రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే. అదే బ్లాకర్ ఇలా రాసుంటే ఎలా ఉండేదో చూడండి:

"బిల్డ్ 412, టెస్ట్ సర్వర్. టెస్ట్ నంబర్లు రెండింటితోనూ మా ఉదయం 11:40, మీ రాత్రి 1:10 నుంచి ఓటీపీ రావట్లేదు, నంబర్లు, లాగ్ ఫైలు కింద జతచేశాను. 409లో మా సోమవారం సాయంత్రం వరకు వచ్చింది. నంబర్ల జాబితా సమస్యైతే సరిచేసి, ఒకసారి లాగిన్ అయి చూసి వదిలేయండి. కోడ్ సమస్య అయి మీ మంగళవారం పని ముగిసేలోపు తేలకపోతే సర్వర్‌ని 409కి వెనక్కి తీసుకెళ్ళండి, మేం రిఫండ్ టెస్టులు దానిమీద చేసుకుంటాం. ఈ రెండూ కాకపోతే రాత్రి 10 వరకు (మీ ఉదయం 11:30) ఫోన్ చేయొచ్చు."

ఇది రాయడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. దీంతో అతను మనల్ని లేపకుండా ఏ దారిలోనైనా వెళ్ళగలడు, బుధవారం పొద్దున మనకి ఏదో ఒక బిల్డ్ నడుస్తూ ఉంటుంది. "రేపు", "సాయంత్రం లోపు" లాంటి మాటలు మాత్రం నోట్‌లో వద్దు, ఎవరి రేపు? గంటలు రెండు టైముల్లోనూ రాయండి.

సమస్య 2: మధ్యాహ్నమే ఆగిపోయాం, కానీ సాయంత్రం కాల్ దాకా ఆగాల్సి వచ్చింది

ఇది చూడ్డానికి టైమ్ తేడా సమస్యలా ఉంటుంది, నిజానికి చాలాసార్లు అనుమతుల సమస్య. సర్వీస్ ఒకటి పడిపోయింది, రీస్టార్ట్ చేస్తే చాలు, కానీ ఆ యాక్సెస్ ఆన్‌సైట్ వాళ్ళ దగ్గరే ఉంది. ఇక్కడ ఏడెనిమిది మంది టీలు తాగుతూ కూర్చుంటారు.

కనీసం ఇద్దరికి, ఒకరు సెలవు పెట్టినా ఇంకొకరు ఉండేలా, టెస్ట్ సర్వర్ వరకు లాగ్స్ చూసే, రీస్టార్ట్ చేసే, పాత బిల్డ్‌కి వెళ్ళే యాక్సెస్ అడగండి. కుబర్నెటిస్ మీద నడుస్తుంటే కావలసినవి ఈ నాలుగే:

```
kubectl logs deployment/otp-service -n qa --since=30m > otp.log
kubectl rollout restart deployment/otp-service -n qa
kubectl rollout history deployment/otp-service -n qa
kubectl rollout undo deployment/otp-service -n qa --to-revision=12
```

ఈ వరుస మార్చొద్దు. ముందే రీస్టార్ట్ కొడితే పాత పాడ్‌తో పాటు దాని లాగ్స్ కూడా పోవచ్చు, అప్పుడు రాత్రి డెవలపర్‌కి చూడ్డానికి ఏమీ మిగలదు. ఇంకోటి, పాడ్‌లు రెండో మూడో ఉంటే మొదటి కమాండ్ వాటిలో ఒక్కదాని లాగ్సే ఇస్తుంది, మిగతావి పాడ్ పేరుతో విడిగా తీసుకోవాలి. రీస్టార్ట్ కూడా ఒక కొత్త రివిజన్‌గా లెక్కకొస్తుంది, దాని తర్వాత నంబరు ఇవ్వకుండా undo కొడితే అదే బిల్డ్ మళ్ళీ వస్తుంది. అందుకే మూడో కమాండ్‌తో పాత బిల్డ్ రివిజన్ నంబరు చూసి, చివరి కమాండ్‌లో 12 బదులు అది ఇవ్వండి. చివరిది కోడ్‌ని మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది, కొత్త బిల్డ్ డేటాబేస్ టేబుళ్ళు మార్చి ఉంటే అవి అలాగే ఉంటాయి. అలాంటి బిల్డ్ అయితే ముట్టుకోకండి, డెవలపర్‌ని అడగాల్సిందే.

యాక్సెస్ ఇవ్వం అంటే? అప్పుడు బ్లాకర్ పడిన అరగంటలో నోట్ రాసేసి, రెండో వరుసలో పెట్టుకున్న పని ఎత్తుకోండి. ఆ రెండో వరుస పని ఆగిపోయిన సర్వీస్‌తో సంబంధం లేనిది అయ్యుండాలి. రిఫండ్ ఆగిందని ఆర్డర్ క్యాన్సిలేషన్‌కి వెళ్తే అక్కడా అదే ఓటీపీ అడుగుతుంది.

సమస్య 3: సోమవారం ప్రతిసారీ వృథా

డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 4కి కొత్త బిల్డ్ పెడతారు, మనకి అప్పటికే శనివారం తెల్లవారుజాము 2:30. దాన్ని మొదట ముట్టుకునేది సోమవారం 9:30కి మనం, వాళ్ళకి అప్పుడు ఆదివారం రాత్రి 11. అది పడకేసి ఉంటే సాయంత్రం దాకా దిక్కులేదు.

బిల్డ్ పెట్టినవాళ్ళే లాగిన్, ఒక ఆర్డర్, ఒక రిఫండ్ చేసి చూసి వెళ్ళాలని ఒప్పించండి, పావుగంట పని. వెళ్ళేముందు చివరిగా బాగా నడిచిన బిల్డ్ నంబరు నోట్‌లో రాయమనండి. మా లీడ్ గారు దీనికోసం రెండు నెలలు అడిగారు. చివరికి మూడు సోమవారాలు ఎన్ని గంటలు పోయాయో లెక్క చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

సమస్య 4: నవంబర్‌లో ఉన్నట్టుండి కాల్‌కి ఎవరూ రావట్లేదు

అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు. మనకి అలాంటిది లేదు. కాల్ మన టైమ్‌తో పెట్టుంటే 6:30 వాళ్ళకి ఉదయం 7 అయిపోతుంది, వాళ్ళ టైమ్‌తో పెట్టుంటే మనకి 7:30 అవుతుంది. చలికాలం ఎవరు గంట సర్దుకోవాలో అక్టోబర్‌లోనే మాట్లాడేసుకోండి, క్యాబ్ టైమ్ మార్పించడానికే వారం పడుతుంది.