సెల్ మార్పించాక వాచీ అద్దం లోపల చెమ్మ: కారణం ఎక్కడ, బాగు చేయడం ఎలా

పోయిన జులైలో మా బాబాయ్ తన చేతివాచీ తీసి నా ముందు పెట్టాడు. "సెల్ మార్పించి ఇరవై రోజులు కాలేదురా, లోపల నీళ్లు పట్టాయి చూడు" అన్నాడు. బస్టాండు పక్కన బండి దగ్గర 80 రూపాయలిచ్చి మార్పించాడట. అద్దం లోపలివైపు, ఆరు అంకె దగ్గర వేలిగోరంత మసక. వాచీ వెనక మూత మీద మాత్రం 50 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుందని రాసి ఉంది. ఏడేళ్లుగా వర్షంలో తడిసినా ఏమీ కాని వాచీ, సెల్ మార్చిన ఇరవై రోజులకే ఎందుకిలా అయిందో అర్థం కావాలంటే ముందు దానికి సెల్ ఎందుకు మార్చాల్సి వచ్చిందో చూడాలి.

సమస్య: సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకు కాకుండా నాలుగేసి సెకన్లకు ఒకసారి దూకుతోంది

ఇది జబ్బు కాదు. చాలా క్వార్ట్జ్ వాచీల్లో సెల్ అయిపోవస్తోందని చెప్పే గుర్తు ఇదే. లోపలి సర్క్యూట్ వోల్టేజి తగ్గడం గమనించి ముల్లును ఇలా నడుపుతుంది. టైం మాత్రం సరిగానే చూపిస్తుంది. కొన్ని మోడళ్లలో రెండేసి సెకన్లకు దూకుతుంది. ఈ గుర్తు కనిపించిన కొద్ది రోజుల్లోనే సెల్ మార్చేయాలి. అయిపోయిన సెల్‌ను నెలల తరబడి లోపలే వదిలేస్తే కారి, దాని క్షారం సర్క్యూట్‌ను తినేస్తుంది. వాచీ ఆగిపోయిందని బీరువాలో పడేసేవాళ్లు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు.

సమస్య: సెల్ మార్పించిన కొన్నాళ్లకు అద్దం లోపల ఆవిరి

కారణం నూటికి తొంభై పాళ్లు వెనక మూత దగ్గరే ఉంటుంది. మూత అంచు చుట్టూ సన్నని రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. గ్యాస్కెట్ అంటారు, మన రిపేరు షాపుల్లో వాషర్ అనే అంటారు. మూత బిగించినప్పుడు ఆ రబ్బరు నలిగి, మూతకూ కేసుకూ మధ్య సందును నింపుతుంది. నీళ్లను ఆపేది ఆ నలిగిన రబ్బరే. ఏళ్లు గడిచేకొద్దీ అది ఒకవైపు చదునుగా అణిగిపోయి సాగే గుణం పోగొట్టుకుంటుంది. మూత కదలనంతకాలం ఎలాగో పని చేస్తుంది కానీ, ఒకసారి తీసి మళ్లీ పెడితే పాత అచ్చులో మళ్లీ సరిగ్గా కూర్చోదు.

పైగా చెమ్మ లోపలికి పోవడానికి వాచీ నీళ్లలో మునగాల్సిన పని లేదు. ఎండలో వేడెక్కిన వాచీ లోపల గాలి వ్యాకోచిస్తుంది. అలా ఉన్నప్పుడు చేతులు చన్నీళ్లతో కడిగితే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుని బయటి తేమను లోపలికి పీల్చుకుంటుంది. రింగులో వెంట్రుకవాసి సందున్నా చాలు.

బాబాయ్ వాచీ మూత తీసి చూస్తే సంగతి తేటతెల్లమైంది. రింగు ఒకచోట గాడిలోంచి బయటికి వచ్చి, మూత అంచు కింద పడి నలిగి తెగింది. దానిమీద గ్రీజు జాడే లేదు, గాడిలో చెమట మట్టి నల్లగా పేరుకుపోయి ఉంది. పాత రింగునే తుడవకుండా పెట్టి, మూతను బొటనవేళ్లతో నొక్కేశారన్నమాట.

బాగు చేసిన వరస ఇది. మొదట సెల్ తీసేశాను. తడి ఉన్నచోట కరెంటు పారుతుంటే కాయిల్, సర్క్యూట్ త్వరగా పాడవుతాయి, కాబట్టి చెమ్మ కనిపించగానే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అదే. తర్వాత మూత తీసిన వాచీని, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో రెండు రోజులు ఉంచాను. బియ్యంలో పెట్టొద్దు, పిండి లోపలికి పోతుంది. గాడిని కొయ్య టూత్‌పిక్‌తో శుభ్రం చేశాను. పాత రింగు లోపలి వ్యాసం, మందం కొలిచి అదే కొలత కొత్తది తెప్పించి, దానికి సిలికాన్ గ్రీజు పలచగా పట్టించాను. వేలికి మెరుపు అంటితే చాలు. ఎక్కువైతే దుమ్ము పడుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వాడొద్దు. రింగు గాడిలో చుట్టూ పడుకుందో లేదో భూతద్దంతో చూశాకే మూత పెట్టాలి. నొక్కి మూసే మూతకు అంచులో చిన్న పల్లం ఉంటుంది, అది సరిగ్గా కీ కాడ ఉన్నచోటికే రావాలి. తిరగేసి పెట్టి బలవంతంగా నొక్కితే కాడ వంగుతుంది.

మూత వేళ్లతో కూర్చోకపోతే సుత్తి పట్టుకోవద్దు. మూత నొక్కే ప్రెస్‌లో, అద్దానికి తగలకుండా కేసు అంచు మీదే ఆనే నైలాన్ అచ్చు పెట్టి నొక్కాలి. అచ్చు అద్దం మీద ఆనితే అద్దం పగులుతుంది. మూత సరిగా కూర్చోలేదని కొందరు ఫెవిక్విక్ వేసేస్తారు. ఆ జిగురు ఆవిరి అద్దం లోపలా డయల్ మీదా తెల్లటి పొరగా పడుతుంది, పైగా ఆ మూత తర్వాత తీయడం నరకం.

సమస్య: కొత్త సెల్ వేసినా ముల్లు కదలడం లేదు

కీ బయటికి లాగి ఉందేమో ముందు చూడండి. తర్వాత మల్టీమీటరుతో సెల్ కొలవండి, సిల్వర్ ఆక్సైడ్ సెల్ కొత్తదైతే 1.55 వోల్టులు చూపాలి. సెల్ బాగుండీ కదలకపోతే కాయిల్ మీద అనుమానం. సెల్ పక్కనే ఉండే ఆ చుట్టలోని రాగితీగ వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. ఇనప పట్టకారు ఒక్కసారి జారితే తెగుతుంది. తెగితే వాచీ లోపలి మెషిన్ మొత్తం మార్చడమే మంచిది. అందుకే సెల్ ఎత్తడానికి ప్లాస్టిక్ పట్టకారు వాడాలి.

సమస్య: కొత్త సెల్ కొద్ది నెలలకే అయిపోయింది

బాబాయ్ వాచీకి కావలసింది ఎస్ఆర్ 626 ఎస్‌డబ్ల్యూ, 377 అని కూడా అంటారు. వ్యాసం 6.8 మిల్లీమీటర్లు, మందం 2.6. అందులో ఉన్నది మాత్రం ఏజీ 4. సైజు ఒకటే కాబట్టి సరిగ్గా పడుతుంది, ధర చాలా తక్కువ. కానీ అది ఆల్కలైన్ సెల్. సిల్వర్ ఆక్సైడ్ చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజి ఇస్తుంది, ఆల్కలైన్‌లో అది మొదటి రోజు నుంచే కొంచెం కొంచెంగా దిగుతుంది. ముల్లు తొందరగా నాలుగేసి సెకన్లకు దూకడం మొదలవుతుంది, కారే ప్రమాదమూ ఎక్కువే. సెల్ వేసే ముందు దాని మీది నంబరు మీ కళ్లతో చూడండి.

బండి మీద పని చేసేవాళ్లలో చేయి తిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లను పోల్చుకోవడానికి నేనడిగేది రెండే: రింగు కొత్తది వేస్తారా, వాచీ నా ఎదురుగానే తెరుస్తారా? ఎండలో, రోడ్డు దుమ్ములో తెరిచిన వాచీలోకి పడిన ఒక్క నూలుపోగు చక్రాన్ని ఆపగలదు. మీరు ఈ వాచీతో ఈత కొట్టేవారైతే బండి మాట వదిలేసి, ప్రెషర్ టెస్ట్ చేసే మెషిన్ ఉన్న సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

ఆ మెషిన్ నా దగ్గర లేదు కాబట్టి మూత బిగించాక బాబాయ్ వాచీకి చుక్క పరీక్ష చేశాను. వాచీని 40 డిగ్రీల వరకు, అంటే చేతికి గోరువెచ్చగా తగిలేలా వేడి చేసి, అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి, నిమిషం తర్వాత తుడిచాను. లోపల తేమ ఉండిపోయి ఉంటే ఆ చుక్క ఉన్నచోట మసక పడుతుంది. ఏమీ పడలేదు. ఇది లోపల చెమ్మ లేదని చెబుతుందే తప్ప, వాచీ నీళ్లను తట్టుకుంటుందని చెప్పదు. అందుకే దాన్ని పెట్టుకుని స్నానం చేయొద్దని బాబాయ్‌కి చెప్పి ఇచ్చాను. ఆరు అంకె కింద డయల్ మీద పడిన చెమ్మ మచ్చ మాత్రం అలాగే ఉంది, అది పోదు.